ముసలితనంలో వైద్యానికి వేరే నిధి



మన సంస్థకు వచ్చే వైద్య సాయం దరఖాస్తుల్లో కొన్ని మమ్మల్ని ఆలోచనలో పడేస్తాయి. అవి నిరుపేదలవి కావు, నిన్నటిదాకా మీలాగే చందా రాసినవారివి. ఇంటి ఖర్చుకని దాచిన డబ్బులోంచే ఆసుపత్రికీ తీశారు. ఈ రెండు ఖర్చులూ ఒకే వేగంతో పెరగవు.

45 ఏళ్ళ దుకాణదారు, అతని భార్య. బీమా ప్రీమియం, మందులు, పరీక్షలు కలిపి ఇప్పుడు ఏటా లక్ష రూపాయలు అనుకుందాం. బియ్యం, కరెంటులాగా 6 శాతం చొప్పున పెరిగితే, అతనికి 60 వచ్చేసరికి అది 2 లక్షల 40 వేలు. 12 శాతం చొప్పునైతే 5 లక్షల 47 వేలు. 12 మరీ ఎక్కువ అనిపిస్తుందా? 60 దాటినవారి ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందు తమను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించాల్సి వచ్చింది.

అతను వైద్యానికి 20 లక్షలు వేరుగా పెట్టాడనుకుందాం. వడ్డీ వద్దని కరెంట్ అకౌంట్‌లో ఉంచి, ఏటా రెండున్నర శాతం జకాత్ కూడా అందులోంచే తీస్తే, 60 నాటికి మిగిలేది 13 లక్షల 68 వేలు. మూడో ఏడాది ఖర్చుకే చాలదు. జకాత్ వేరే సంపాదనలోంచి కట్టి, నిధి ఏటా 7 శాతం పెరిగినా 68వ ఏట చేయి ఖాళీ. 12 శాతం పెరిగితేనే 80 దాకా వస్తుంది. వయసుతోపాటు రోగాలు పెరగడం ఈ లెక్కలో లేనేలేదు.

స్థలం కొని పెట్టామంటారు కొందరు. ధర పెరగొచ్చు గానీ, మందుల బిల్లుకని రెండు గజాలు అమ్మలేం కదా. షరియా ప్రకారం కంపెనీలను వడపోసే షేర్ల ఫండ్లున్నాయి. టాటా ఎథికల్ ఫండ్ 1996 నుంచి ఉంది. వీటిలోనూ 12 శాతానికి హామీ లేదు, ఒక్కో ఏడు బాగా పడిపోతాయి కూడా. అందుకని 57 నుంచే కొంచెం కొంచెం తీసి, మూడేళ్ళ ఖర్చు వెంటనే చేతికందేచోట ఉంచాలి. అప్పుడు మార్కెట్ పడిన ఏడాది నష్టానికి అమ్మే అవసరం రాదు. ఫండ్ యూనిట్ల మీద జకాత్ లెక్క ఎలాగో ముఫ్తీ సాహెబ్‌ను అడగండి.

రంజాన్‌లో జకాత్ లెక్క వేసేటప్పుడే అదే పుస్తకంలో మరో పేజీ తెరవండి. ఆ ఏడాది వైద్యానికి అయిన ఖర్చు ఒకవైపు, నిధి విలువ మరోవైపు రాయండి. విలువను ఖర్చుతో భాగిస్తే, ఎన్నేళ్ళకు సరిపడా ఉందో వస్తుంది. నిరుడు 20 వచ్చి ఈసారి 18 వస్తే, నిధి వెనకబడిందన్నమాట. రెండేళ్ళ ఖర్చు అదనంగా వేయాలి, దుకాణం నడుస్తున్నప్పుడే.