యజమాని కనిపించని శ్రమ: అసంఘటిత రంగంలో రక్షణ, రుణం

ప్రభుత్వ రికార్డులకెక్కకుండా గాని, ఎక్కినా కార్మిక చట్టాల రక్షణ అందకుండా గాని సాగే ఉత్పత్తి, వ్యాపారం, సేవలన్నిటినీ కలిపి అసంఘటిత ఆర్థిక వ్యవస్థగా వ్యవహరిస్తారు. మానవశాస్త్రవేత్త కీత్ హార్ట్ ఘానా రాజధాని అక్రాలోని వలస కార్మికుల బతుకుతెరువును పరిశీలించి 1971లో ఈ భావనను ముందుకు తెచ్చిన కాలంలో, పరిశ్రమలు విస్తరించేకొద్దీ ఇటువంటి పనులు వాటంతట అవే తగ్గిపోతాయన్న నమ్మకం ఆర్థికవేత్తల్లో బలంగా ఉండేది. ఆ నమ్మకం నిలవలేదు. ప్రపంచంలో పనిచేసేవారిలో 60 శాతానికి మించి, అంటే సుమారు 200 కోట్ల మంది, ఈ విధంగానే జీవిస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. ఆఫ్రికాలో ఈ వాటా 85 శాతం దాటింది. భారతదేశంలో అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సంఘం 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం, శ్రామికుల్లో సుమారు 92 శాతం మంది ఈ కోవలోకి వస్తారు. పెద్ద కర్మాగారాల్లో, కార్యాలయాల్లో కాంట్రాక్టుపై పనిచేస్తూ ఏ భద్రతా లేనివారిని కూడా ఆ సంఘం ఇందులో చేర్చింది. అందువల్ల అసంఘటితత్వం పని జరిగే చోటును బట్టి కాక, ఆ పనికి చట్టం ఇచ్చే గుర్తింపును బట్టి నిర్ణయమవుతుంది.

రక్షణ అందకపోవడానికి మూలకారణం చట్టాల నిర్మాణంలోనే ఉంది. సామాజిక భద్రత, అంటే జబ్బు, ప్రమాదం, ప్రసవం, వృద్ధాప్యం వంటి దశల్లో ఆదాయం పూర్తిగా ఆగిపోకుండా చేసే ఏర్పాటు, మన దేశంలో ప్రధానంగా యజమాని ద్వారా కార్మికుడికి చేరుతుంది. భవిష్య నిధి సాధారణంగా 20 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకు, ఈఎస్ఐ వైద్య సదుపాయం 10 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలకు వర్తిస్తాయి; రెండింటిలోనూ యజమాని తన వాటా చెల్లించాలి. తోపుడుబండిపై కూరగాయలు అమ్ముకునే స్త్రీకి ఆ వాటా చెల్లించే యజమానే లేడు. మేస్త్రీ చేతికింద ఇటుకలు మోసే కూలీకి యజమాని ఉన్నా, అతడు ఎవరో నిరూపించే కాగితం ఉండదు.

రుణం విషయంలోనూ అడ్డుపడేది ఈ కాగితం లేకపోవడమే. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు ఆదాయానికి రుజువును, తనఖా పెట్టదగిన ఆస్తిని అడుగుతుంది. పైగా చిన్న రుణానికైనా పెద్ద రుణానికైనా విచారణ ఖర్చు పెద్దగా మారదు కనుక, కొద్ది వేల రూపాయల అప్పుపై దానికి ఆసక్తి ఉండదు. అప్పుడు చిరువ్యాపారి డైలీ ఫైనాన్సు వాళ్లను ఆశ్రయించక తప్పదు. 10,000 రూపాయల అప్పులో 1,000 రూపాయలను ముందే వడ్డీగా పట్టుకుని 9,000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేసే పద్ధతిని ఉదాహరణగా తీసుకుంటే, పైకి ఇది నూటికి పది రూపాయల వడ్డీలా కనిపిస్తుంది. కాని అసలు రోజురోజుకూ తీరిపోతుంది కనుక, వాడుకలో ఉండే సొమ్ము సగటున 5,000 రూపాయలకు లోపే. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి 75 శాతం దాటుతుంది. అంత వడ్డీని కూడా దినదినం తీర్చగలుగుతున్న మనిషికి తిరిగి చెల్లించే శక్తి లేదనడం పొరపాటు; లేనిది ఆ శక్తిని బ్యాంకుకు చూపించే ఆధారం.

ఈ రెండు లోపాలకూ మూలం ఒక్కటేనని అహ్మదాబాద్‌లోని ‘సేవ’ అనే మహిళా శ్రామికుల సంఘం చరిత్ర స్పష్టం చేస్తుంది. తలబరువులు మోసేవారినీ, వీధి వ్యాపారం చేసుకునే స్త్రీలనూ కూడగట్టి, దాని వ్యవస్థాపకురాలు ఇలా భట్ 1972లో కార్మిక సంఘం నమోదుకు దరఖాస్తు చేసినప్పుడు, వీరికి యజమాని లేడు కనుక ఎవరిపై పోరాడతారన్న అభ్యంతరం కార్మిక శాఖ నుంచి ఎదురైంది. సంఘం పుట్టేది యజమానిని ఎదిరించడానికి మాత్రమే కాదని, శ్రామికుల ఐక్యతే దానికి ఆధారమని వాదించి ఆమె నమోదు సాధించారు. బ్యాంకులు ఈ స్త్రీలను దగ్గరకు రానివ్వనందున, సుమారు 4,000 మంది సభ్యులు తలా 10 రూపాయల వాటా వేసుకుని 1974లో సొంత సహకార బ్యాంకును స్థాపించుకున్నారు. సంతకం చేయలేనివారికి ఫొటోనే గుర్తింపు అయింది. జీతం చీటీ స్థానంలో వారి పొదుపు అలవాటు, సంఘం వారి గురించి ఎరిగిన విషయాలు విశ్వసనీయతకు ఆధారాలయ్యాయి.

ఇటువంటి గుర్తింపును తర్వాత చట్టమూ ఇవ్వసాగింది. వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణకు 2014లో వచ్చిన చట్టం, సర్వే జరిపి వ్యాపారులకు ధ్రువపత్రాలివ్వాలనీ, సర్వే పూర్తయ్యేవరకు వారిని ఖాళీ చేయించరాదనీ నిర్దేశించింది. 2020లో మొదలైన స్వనిధి పథకం ఆ గుర్తింపు ఆధారంగానే, తనఖా లేకుండా, తొలి విడత 10,000 రూపాయల వరకు రుణం ఇచ్చింది. ఈ మార్గం సరైనదే గాని, రుణానికి మాత్రమే పనికివచ్చే గుర్తింపు సగం గుర్తింపే. యజమాని వాటా లేనిచోట ఆ వాటాను ప్రభుత్వమే భరించి, సంస్థకు కాక మనిషికే భద్రతను ముడిపెట్టి, అతడు పని మారినా ఊరు మారినా ఆ హక్కు వెంట వచ్చేలా చట్టాన్ని తిరిగి రాయాలి. పదిమందిలో తొమ్మిదిమందికి వర్తించని కార్మిక చట్టాన్ని దేశపు కార్మిక చట్టమని పిలవడం న్యాయం కాదు.