మైలుతుత్తం నీళ్లలో ఒక చుక్క

  అక్టోబరు 1న సి.బెళగల్‌లో జరిగిన రక్తదాన శిబిరాన్ని భుజాన మోసినవాళ్లకు ఊరి తరఫున నన్ను కృతజ్ఞతలు చెప్పమన్నారు. ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి, మళ్లీ ఎప్పుడు రావాలి అని మూడు మాటలు మాట్లాడతానని ఒప్పుకుని వచ్చాను.

మొదటి ధన్యవాదం ఆ రోజు రక్తం ఇవ్వని ఒక అమ్మాయికి. వెనక వరుసలో కూర్చుంది, లేవద్దులే తల్లీ. పొద్దున్నే అందరికంటే ముందు వరుసలో నిలబడింది. వేలి మీద సూదితో గుచ్చి, ఒక చుక్క తీసి నీలం నీళ్లలో వదిలాం. చుక్క మునగలేదు. ఇంటికి పొమ్మంటే కళ్లనీళ్లు పెట్టుకుంది, కానీ పోలేదు.

ఆ నీలం నీళ్లు మీ పొలాల్లో వాడే మైలుతుత్తమే. కర్నూలులో ముప్పై ఏళ్లు నా చేతిలో ఉన్న సీసా అది. నీళ్ల చిక్కదనం 1.053 వచ్చేలా కొలిచి కలుపుతాం. రక్తంలో హిమోగ్లోబిన్ పన్నెండున్నర గ్రాములుంటే, సెంటీమీటరు ఎత్తునుంచి వదిలిన చుక్క పదిహేను సెకన్లలో అడుగుకు చేరుతుంది. తక్కువైతే మధ్యలో ఆగుతుంది, లేదా పైకి తేలుతుంది. చుక్కలో గాలిబుడగ చేరితే మంచి రక్తం కూడా తేలుతుంది. అందుకే తేలిందంటే ఇంకొక చుక్క తీసి చూడాలి. పాతిక చుక్కలు పడ్డాక ఆ నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి. ఇప్పుడు మిషన్లొచ్చాయి, మంచిదే. కానీ ఆ చుక్క దిగడాన్ని కళ్లారా చూసినవాడికి రక్తం విలువ వేరేగా తెలుస్తుంది. ఈ కాలం పిల్లలకు ఆ చూపు లేకుండా పోతోందని నా బాధ.

ఆ అమ్మాయి చుక్క రెండోసారీ తేలింది. మన వైపు ఆడవాళ్లలో నేను ఎన్నోసార్లు చూసిందే ఇది. రొట్టె తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఐరన్ మాత్ర కూడా టీతో వేసుకోకూడదు. ఆమెకు ఇదే చెప్పాను.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూడండి. రక్తం ఇచ్చి లేచిన ప్రతివాడినీ పదిహేను నిమిషాలు కదలనివ్వలేదు. ఒక కుర్రాడు ముఖం తెల్లబడి చెమటలు పడితే, నర్సమ్మను పిలిచి, అతన్ని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకుంది. శిబిరంలో ఒకడు కళ్లు తిరిగి పడిపోతే, చూసిన భయానికి పక్కవాడూ పడతాడు. ఆమె మొదటివాడిని పడనివ్వలేదు. మీ ఫ్లెక్సీలో రక్తం ఇచ్చినవాళ్ల ఫొటోలే ఉన్నాయి. ఆమె ఫొటో ఎందుకు లేదు? టీ మోసినవాళ్లు, పేర్లు రాసుకున్నవాళ్లు, ఇంటింటికీ తిరిగి పిలిచినవాళ్లు ఎక్కడ? వచ్చేసారి వాళ్ల పేర్లే పైన రాయండి.

ఫ్లెక్సీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఈ మధ్య ఎవరి పుట్టినరోజో వస్తే ఒక్కరోజే వందలమంది ఇస్తున్నారు. మామూలు సంచిలో తీసిన రక్తం ఫ్రిజ్‌లో పెట్టినా 35 రోజులే నిలుస్తుంది. ఆ తర్వాత పారబోయాల్సిందే. నా సర్వీసులో ఒకచోట గడువు దాటిన సంచులు పక్కన పెట్టిన వారంలోనే, కాన్పుకొచ్చిన బిడ్డకు రక్తం దొరక్క ఆమె తండ్రి వరండాలో అందరి కాళ్లూ పట్టుకున్నాడు. ఆయన రుమాలు నేల మీద పడి ఉండడం నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. రక్తం అమ్ముకునేవాళ్లను కోర్టు మాటతో 1998లో ఆపేశారు, మంచిపని. అప్పటినుంచి ఆ తండ్రిలాంటివాళ్లకు మీరే దిక్కు.

అందుకే మిమ్మల్నందరినీ ఒకేసారి రమ్మనడం లేదు. మగవాళ్లు ఇచ్చాక 90 రోజులు ఆగాలి, అంటే డిసెంబరు 30. ఆడవాళ్లు 120 రోజులు, అంటే జనవరి 29. అప్పటికి మన ఊళ్లల్లో సగం ఇళ్లకు తాళాలుంటాయి, సుగ్గికి పోతారు కదా. ఊళ్లో ఉండేవాళ్లు ఫిబ్రవరిలో రండి. సుగ్గినుంచి తిరిగొచ్చేవాళ్లు మే నెలలో రండి. కాలేజీలు మూసేసి రక్తం ఇచ్చేవాళ్లు దొరకని నెల అదే. సుగ్గిలో ఎండకు, చాకిరీకి ఒళ్లు హూనమై వస్తారు కాబట్టి, వచ్చిన వెంటనే కాదు, నాలుగు వారాలు కడుపునిండా తిన్నాక ఇవ్వండి. కార్యదర్శి గారు, ఈ రెండు జాబితాలూ ఈ రాత్రికే రాసుకోండి.

ఫిబ్రవరి శిబిరానికి నన్ను ప్రత్యేకంగా పిలవక్కర్లేదు. మైలుతుత్తం సీసా పట్టుకుని నేనే వస్తాను. ముందు ఆ అమ్మాయి వేలే చూస్తాను.