రాత్రి తొమ్మిదిన్నర కాల్, మధ్యాహ్నం రెండున్నర కునుకు
(మహాసభల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అదీ విందు భోజనం అయిన వెంటనే. నిద్ర జబ్బులు చూసే డాక్టరుకి ఇంతకంటే మంచి సమయం దొరకదు. మీలో ఎవరికైనా కునుకు పడితే నేనేమీ అనుకోను. అది ఎందుకు పడుతుందో కూడా ఇంకాసేపట్లో మనవి చేస్తాను.

సమయాన్ని కాదు, శక్తిని సర్దుకోవాలి అన్నమాట మన ఆఫీసుల్లో చాలాకాలంగా వినబడుతోంది. 2007లో టోనీ ష్వార్ట్జ్, కేథరిన్ మెకార్తీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. మాట మంచిదే. అయితే నా క్లినిక్‌కి వచ్చే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ విషయంలో ఈ "శక్తి" అనేది చాలావరకు రెండు సంగతుల్లోకి దిగిపోతుంది. ఎంత నిద్రపోయారు, ఒంట్లోని గడియారం ఏం చెబుతున్న వేళకి ఏ పని పెట్టుకున్నారు. ఈ రెండూ ఎక్కడ చెడుతున్నాయో ఒకాయన కథతో చెబుతాను. ఆయన అనుమతితోనే చెబుతున్నాను. పేరు అడగకండి, ఈ హాల్లోనే ఉండొచ్చు.

ఆయన ఉండేది డాలస్ పక్కన. వయసు నలభై రెండు. ప్రాజెక్ట్ మేనేజరు, టీమ్ సగం హైదరాబాదులో ఉంది. వారంలో నాలుగు రాత్రులు తొమ్మిదిన్నరకి కాల్, అంటే వేసవిలో అక్కడ ఉదయం ఎనిమిది. కాల్ పదిన్నరకి అయిపోతుంది. ఆ తర్వాత "ఒక్క మెయిల్" అని కూర్చుంటే పదకొండుముప్పావు. పడుకుని నిద్రపట్టేసరికి పన్నెండుంబావు. పిల్లల స్కూల్ బస్సు కోసం ఆరింటికి లేవాలి. మొత్తం ఐదుముప్పావు గంటలు. శనివారం పదింటిదాకా పడుకుని లెక్క సరిచేస్తారు. ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది వాళ్ళావిడ. ఎర్రలైటు దగ్గర కారాపి కన్నుమూశారట. వెనకవాళ్ళు హారన్ కొడితే మెలకువ వచ్చింది. వెనక సీట్లో పిల్లలున్నారు.

ఆయన మాత్రం "నాకు అలవాటైపోయింది డాక్టరుగారూ, ఆరు గంటలు చాలు" అన్నారు. ఈ మాట వారానికి పదిసార్లు వింటాను. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఆరోగ్యవంతుల్ని పధ్నాలుగు రోజులపాటు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చారు. తెరమీద సంకేతం కనబడగానే మీట నొక్కాలి, అంతే పరీక్ష. ఏకాగ్రతలో లోపాలు రోజురోజుకీ పెరిగి, రెండు వారాల చివరికి ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ళ స్థాయికి చేరాయి. కానీ "మీకు ఎంత నిద్రగా ఉంది" అని అడిగితే వాళ్ళు చెప్పిన అంకె మొదటి కొద్దిరోజుల తర్వాత పెద్దగా పెరగలేదు. మత్తు అలవాటవుతుంది, తప్పులు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. అందుకే ఈ విషయంలో మనకు మనమే సాక్ష్యం చెప్పుకుంటే చెల్లదు.

కాబట్టి ఆయన్ని రెండు వారాలు డైరీ రాయమన్నాను. పడుకున్న వేళ, లేచిన వేళ, కాఫీలు. వీటితోపాటు మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి నిద్రమత్తుకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె వెయ్యాలి. ఒకటంటే చురుగ్గా ఉన్నట్టు, తొమ్మిదంటే కళ్ళు మూతలు పడుతున్నట్టు. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, ఖర్చులేని పరీక్ష. ఆ డైరీ చూస్తే బొమ్మ స్పష్టంగా కనబడింది. ఉదయం ఎనిమిదికి ఆరు. పది నుంచి పన్నెండున్నరదాకా మూడు. రెండు నుంచి మూడున్నర మధ్య ఏడు, ఎనిమిది. సాయంత్రం ఐదు దాటాక మళ్ళీ మూడు. ఇప్పుడు ఆయన ఆఫీసు క్యాలెండరు పక్కన పెట్టాం. బంగారంలాంటి పది నుంచి పన్నెండు గంటల వేళంతా స్టేటస్ మీటింగులు. తప్పు పడితే లక్షల డాలర్ల మీదికొచ్చే డిజైన్ రివ్యూ రోజూ రెండున్నరకి!

మధ్యాహ్నం ఆ పల్లం ఎందుకొస్తుంది? పప్పన్నం తిన్నందుకే అని మనం అనుకుంటాం. తిండి దాన్ని పెంచుతుంది, నిజమే. కానీ భోజనం మానేసినవాళ్ళకి కూడా అది వస్తుంది. మనలో రెండు శక్తులు పనిచేస్తుంటాయి. లేచిన దగ్గర్నుంచి మెదడులో అడెనోసిన్ పేరుకుంటూ నిద్ర ఒత్తిడి పెంచుతుంది. దానికి ఎదురుగా ఒంట్లోని గడియారం మెలకువని పైకి తోస్తుంది. మధ్యాహ్నానికి ఒత్తిడి బాగా పెరిగి ఉంటుంది, గడియారం తోపు ఇంకా పుంజుకోదు. సాయంత్రానికి ఆ తోపు బలపడి మళ్ళీ హుషారొస్తుంది. రాత్రి సరిగ్గా పడుకున్నవాడికి ఈ పల్లం చిన్న గుంట. ఐదుముప్పావు గంటలు పడుకున్నవాడికి అది బావి.

ఆయన ఆ బావిలోంచి నాలుగింటికి ఒక పెద్ద కప్పు కాఫీతో బయటికొచ్చేవారు. కాఫీ అడెనోసిన్‌ని తీసెయ్యదు, అది కూర్చునే కుర్చీలో తాను కూర్చుంటుంది. కెఫీన్ సగం కరగడానికి చాలామందిలో ఐదు గంటలు పడుతుంది. అంటే నాలుగింటికి తాగిన కాఫీలో సగం తొమ్మిదిన్నర కాల్‌కి కూడా ఒంట్లోనే ఉంటుంది. "నాకు కాఫీ తాగినా నిద్రపడుతుందండీ" అంటారు కొందరు. పట్టొచ్చు, కానీ ఆ నిద్ర పలచబడుతుంది. మర్నాడు ఇంకో కప్పు కావాల్సి వస్తుంది.

మందులేమీ రాయలేదు. మూడు మార్పులు చేశాం. అన్నిటికంటే కష్టమైంది కాల్‌ది. హైదరాబాదు టీమ్‌తో మాట్లాడి నాలుగు రాత్రి కాల్స్‌లో రెండింటిని ఇక్కడి ఉదయం ఏడున్నరకి మార్చుకున్నారు. అప్పుడు అక్కడ సాయంత్రం ఆరు. ఇందులో ఒక చిక్కుంది, దాచను. మన నిద్ర కోసం వాళ్ళ సాయంత్రాన్ని తీసుకుంటున్నాం. అందుకే రెండు మాత్రమే మార్చారు, ఆ రెండు కాల్స్ అరగంటకి కుదించారు. మిగిలిన రెండు రాత్రులూ పదింబావుకల్లా ముగించి లాప్‌టాప్ మూసెయ్యాలి. కాల్ అయిన వెంటనే పక్క ఎక్కితే నిద్ర రాదు. వాదించిన మెదడు చల్లబడటానికి ముప్పావుగంటైనా కావాలి. ఆ సమయంలో గదిలో లైట్లు తగ్గించి, మర్నాటి పనులు కాగితం మీద రాసి పక్కన పెట్టమన్నాను. పదకొండుంబావుకి నిద్ర, ఆరుంబావుకి మెలకువ. బస్సుకి తయారుచేసే పనిలో మొదటి పావుగంట వాళ్ళావిడ తీసుకున్నారు. సరిగ్గా చెప్పాలంటే వైద్యంలో సగం వాటా ఆవిడదే.

రెండోది క్యాలెండరు. డిజైన్ రివ్యూ పదింటికి, స్టేటస్ మీటింగులు మధ్యాహ్నానికి. ఉదయం తలపెట్టి చేసే పని గంట, గంటంబావు సాగాక పది నిమిషాలు లేచి నడవాలి. తొంభై నిమిషాలకొకసారి శరీరమే విరామం అడుగుతుందని పుస్తకాల్లో రాస్తుంటారు. నిద్రలో అటువంటి ఆవృత్తి ఉన్నమాట నిజమే, పగలు కూడా అంత కచ్చితంగా ఉందనడానికి రుజువు బలంగా లేదు. కాబట్టి గడియారం పట్టుకోకండి. ఒకే వాక్యం మూడుసార్లు చదువుతున్నారంటే వేళయిందన్నమాట. విరామంలో ఫోను చూడటం విరామం కాదు. తెర మాత్రమే మారుతుంది, మెదడు చేసేది అదే పని.

మూడోది కునుకు. ఒంటిగంటన్నరకి ఇరవై నిమిషాలు, అలారం పెట్టుకుని. అంతకు మించితే గాఢనిద్రలోకి జారి, లేచాక అరగంటదాకా తల దిమ్ముగా ఉంటుంది. నిద్ర పట్టకపోయినా ఫరవాలేదు, కళ్ళు మూసుకుంటే చాలు. ఎక్కడ పడుకోవాలన్నది అసలు సమస్య. ఆయన కారులో అన్నారు. టెక్సాస్ జులైలో ఆపిన కారులో పడుకోవడం ప్రమాదమని గట్టిగా చెప్పాను. చివరికి ఆఫీసులో ఖాళీగా ఉండే చిన్న గది దొరికింది. మూడు దాటాక మాత్రం కునుకు వద్దు, అది రాత్రి నిద్రలోంచి అప్పు తెస్తుంది. కాఫీ పన్నెండు దాటాక లేదు. మొదటి నాలుగు రోజులు తలనొప్పి వచ్చింది, తర్వాత పోయింది.

శనివారం పదింటిదాకా పడుకోవడం కూడా తగ్గించాం. అప్పు తీర్చడం తప్పు కాదు. కానీ మూడు నాలుగు గంటలు ఆలస్యంగా లేస్తే ఒంటి గడియారం వెనక్కి జరుగుతుంది. ఆదివారం రాత్రి నిద్రపట్టకపోవడానికి, సోమవారం పొద్దున బద్ధకానికి అదే కారణం. మామూలు వేళకంటే ఒక గంట ఎక్కువ చాలు, ఇంకా కావాలంటే మధ్యాహ్నం కునుకు. లేచాక అరగంట బయట వెలుతురులో నడక.

ఆరు వారాల తర్వాత ఆయన నిద్ర సగటున ఏడు గంటలకి దగ్గరైంది. మధ్యాహ్నం అంకె ఎనిమిది నుంచి ఐదుకి దిగింది. సున్నాకి పోలేదు, పోదు కూడా. రిలీజ్ వారంలో ఇదంతా గాలికి పోతుంది. ఆ వారం కారు నడపకుండా ఇంకొకరితో వెళ్ళమని మాత్రం చెప్పాను. పదిహేడు గంటలు వరసగా మేలుకుంటే చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే చూపించారు.

ఇవన్నీ చేసి, ఏడున్నర గంటలు పడుకుని కూడా పగలు తూగుతున్నవాళ్ళుంటే, వాళ్ళకి క్యాలెండరు మార్చి ప్రయోజనం లేదు. గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పొద్దున్నే తలనొప్పి ఉంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి. లావుగా లేనివాళ్ళలోనూ మన భారతీయులకి ఇది వస్తుంది. గురక సంగతి గురకపెట్టేవాళ్ళని అడగొద్దు, పక్కనవాళ్ళని అడగండి. ఇప్పుడు ఇంట్లోనే ఒక రాత్రి చేసుకునే పరీక్ష ఉంది. మన మేనేజరు గారికి చేయించాం, ఆయనకి లేదని తేలింది.

చివరిగా ఒక్కటి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతాం, హైదరాబాదులో తిప్పరు. మీ రాత్రి కాల్ ఇక్కడి తొమ్మిదిన్నరకే కట్టి ఉంటే వాళ్ళకి ఉదయం తొమ్మిది అవుతుంది, మీకేమీ మిగలదు. అదే వాళ్ళ ఎనిమిదింటికి కట్టుకుంటే మీ కాల్ ఎనిమిదిన్నరకి వస్తుంది, మార్చిదాకా ప్రతి కాల్ రాత్రీ మీ చేతికి ఒక గంట వస్తుంది. ఉదయం కాల్‌ది మాత్రం తిరకాసు. వాళ్ళ ఆరింటికే ఉంచితే మీరు ఆరున్నరకి కూర్చోవాలి, బస్సు వేళకి. దాన్ని ఇక్కడి ఏడున్నరకే ఉంచాలంటే వాళ్ళకి ఏడవుతుంది. కాబట్టి ఆ బేరం అక్టోబరులోనే మాట్లాడుకోండి.