ఇంటి పన్ను లెక్క - ఏప్రిల్ రాయితీ, ఆలస్యపు వడ్డీ
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి పన్ను బిల్లు రాగానే మనలో చాలామంది అడుగున ఉన్న మొత్తం చూసి కట్టేస్తారు. ఆ మొత్తం ఎలా వచ్చిందో తెలిస్తే తప్పు ఉన్నచోట పట్టుకోవచ్చు, ఎప్పుడు కడితే లాభమో కూడా తేల్చుకోవచ్చు. హైదరాబాదు నగరంలోని నివాస గృహాల లెక్క మాత్రమే చెబుతాను. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు కనుక అక్కడి సభ్యులకు ఈ లెక్క వర్తించదు.

1955 నాటి కార్పొరేషన్ చట్టం ప్రకారం పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. అంటే ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి సమంజసంగా ఎంత రావచ్చునో ఆ మొత్తం. మనమే కాపురం ఉన్నా ఇలా ఊహించే లెక్క కడతారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్లింత్ ఏరియా 1,000 చదరపు అడుగులు. నెలకు చదరపు అడుగుకు రూపాయి పావలా రేటు అనుకుందాం. నెల అద్దె విలువ 1,250 రూపాయలు, ఏడాదికి 15,000. ఇందులో మరమ్మతుల కింద పదో వంతు, అంటే 1,500 తీసేస్తారు. మిగిలింది 13,500. నెల అద్దె విలువ 300 రూపాయలు దాటిన ఇంటికి పన్ను 30 శాతం కనుక 4,050 అవుతుంది. దాని మీద గ్రంథాలయ సుంకం 8 శాతం, 324 రూపాయలు. వెరసి ఏడాదికి 4,374 రూపాయలు, అర్ధ సంవత్సరానికి 2,187.

ఇందులో పొరపాటు జరిగేది మొదటి మెట్టులోనే. విస్తీర్ణం ఎక్కువ రాసినా, నివాసాన్ని వ్యాపార స్థలంగా నమోదు చేసినా కింది అంకెలన్నీ పెరిగిపోతాయి. మన ఉదాహరణలో వంద అడుగులు ఎక్కువ పడితే ఏటా 437 రూపాయలు అదనం. కాబట్టి బిల్లులోని విస్తీర్ణాన్ని దస్తావేజుతోనూ, మంజూరైన ప్లానుతోనూ సరిచూసుకోండి. తేడా ఉంటే కాగితాల నకళ్లు జతచేసి, సవరణ కోరుతూ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్తగా పన్ను నిర్ణయిస్తూ నోటీసు వస్తే అందులోని గడువు దాటకుండా అభ్యంతరం తెలపాలి.

ఇక కట్టే వేళ సంగతి. మొదటి అర్ధ సంవత్సరానికి గడువు జులై 31, రెండోదానికి అక్టోబరు 15. అయితే ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా కట్టినవారికి 5 శాతం తగ్గిస్తున్నారు. దీనికి ఏటా వచ్చే ప్రకటన చూసుకోవాలి. మన ఇంటికి తగ్గేది 218 రూపాయల 70 పైసలు. "ఆ డబ్బు గడువు దాకా బ్యాంకులో ఉంటే వడ్డీ రాదా?" అని మిత్రులు అడుగుతుంటారు. ఏప్రిల్ చివరి నుంచి సగం డబ్బు మూడు నెలలు, మిగతా సగం అయిదున్నర నెలలు ఉంచినా, ఏడు శాతం వడ్డీకి వచ్చేది సుమారు 108 రూపాయలే. రాయితీలో సగం! ఈ రాయితీ ఆ ఏడాది పన్నుకే గాని పాత బకాయికి రాదు.

గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. పై ఇంటాయన ఏమీ కట్టక మార్చి 31 దాకా ఆగితే మొదటి సగానికి ఎనిమిది నెలల వడ్డీ 349.92. రెండో సగానికి నిండిన అయిదు నెలలకే 218.70. మొత్తం 568.62. ఏప్రిల్‌లో కట్టినాయన 4,155.30 ఇచ్చాడు, ఈయన 4,942.62 ఇవ్వాలి. ఇల్లొకటే, తేడా 787 రూపాయలు.

మాఫీ వస్తుందిలే అని ఆగేవారూ ఉన్నారు. 2020లోనూ, 2022లోనూ బకాయిల వడ్డీలో 90 శాతం వదిలేసిన మాట నిజమే. కాని మిగిలిన పది శాతం, అంటే 57 రూపాయలు, ఎలాగూ కట్టాలి. పోయిన రాయితీ 219. మాఫీ వచ్చినా నష్టం 276 రూపాయలు! రాకపోతే వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

చివరిగా ఒక్క మాట. కట్టేటప్పుడు బిల్లు మీది ఆస్తి గుర్తింపు సంఖ్య, అదే పి.టి.ఐ.ఎన్., ఒక్కో అంకె సరిచూడండి. రసీదులో సొమ్ము ఏ సంవత్సరం కింద జమ అయిందో అక్కడే చదవండి. మనకు తెలియని పాత బకాయి ఉండి డబ్బు దానికి జమపడితే, ఏప్రిల్‌లో కట్టి కూడా ఈ ఏటి పన్ను మిగిలిపోతుంది. అందుకే మార్చి నెలలోనే బకాయి ఉందో లేదో కనుక్కోండి. రసీదులన్నీ ఒకే ఫైలులో ఉంచి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి.

సెలవు.