బీరు నురగై పోతోందా? రెగ్యులేటర్ వదిలి థర్మామీటర్ పట్టుకోండి

ఈ ఎపిసోడ్ బార్ నడిపేవాళ్ల కోసం, బార్ కౌంటర్ వెనక నిలబడి పనిచేసే తమ్ముళ్ల కోసం. తాగడానికి వెళ్లేవాళ్లు కూడా చూడొచ్చు. ఈసారి మీ మగ్గులో సగం నురగ వస్తే తేడా ఎక్కడ కొట్టిందో మీకే అర్థమవుతుంది.

మన సిటీలో ట్యాప్ బీరు రెండు రకాలుగా వస్తుంది. మైక్రోబ్రూవరీ అయితే బీరు అక్కడే తయారవుతుంది, ట్యాంకు నుంచి నేరుగా ట్యాప్‌కి వస్తుంది. మామూలు బార్ అయితే కంపెనీ నుంచి కెగ్‌లు, అంటే స్టీలు పీపాలు వస్తాయి. ఇవాళ మనం మాట్లాడేది ఈ కెగ్‌ల గురించే.

ఉప్పల్ స్టేడియానికి దగ్గర్లో తెలిసినవాళ్ల బార్ ఒకటి ఉంది. పేరు వద్దులెండి. వాళ్ల దగ్గర 30 లీటర్ల కెగ్ వాడతారు. 330 మి.లీ. మగ్గు; అందులో పైన నురగ పోను 300 మి.లీ. బీరు. అంటే లెక్క ప్రకారం కెగ్‌కి 100 మగ్గులు రావాలి. బిల్లింగ్‌లో చూస్తే 78 దగ్గర ఆగిపోతోంది. 22 మగ్గులు, అంటే 6.6 లీటర్ల బీరు ట్యాప్ కింద ఉన్న ట్రేలోంచి డ్రెయిన్‌లోకి పోతోంది. మగ్గు 200 రూపాయలు అనుకోండి, కెగ్‌కి 4,400. ఓనర్‌కి ముందు వచ్చిన అనుమానం పిల్లలు ఊరికే పోసేస్తున్నారేమోనని. సీసీ కెమెరా కూడా చూశాడట. దొంగతనం ఏమీ లేదు.

నేను వెళ్లింది మ్యాచ్ రోజు సాయంత్రం, ఏప్రిల్ ఎండ. కౌంటర్‌లో ఉన్న తమ్ముడు రెగ్యులేటర్ తిప్పుతున్నాడు. "అన్నా, నురగ ఎక్కువైతుంది, గ్యాస్ తగ్గిస్తున్న" అన్నాడు. చూడ్డానికి కరెక్టే అనిపిస్తుంది కదా? గ్యాస్ వల్లే నురగ, కాబట్టి గ్యాస్ తగ్గిస్తే నురగ తగ్గాలి. నన్నడిగితే బార్‌లలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు ఇదే. ఎందుకో కాస్త నిదానంగా చెప్తాను.

మామూలు లాగర్ బీరులో, ఒక లీటరు బీరుకి సుమారు రెండున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. ఆ గ్యాస్ బీరులోనే ఉండాలంటే పైనుంచి కొంత ఒత్తిడి కావాలి. ఎంత కావాలనేది చల్లదనాన్ని బట్టి ఉంటుంది. బీరు 3 డిగ్రీల దగ్గర ఉంటే సుమారు 11 పీఎస్ఐ చాలు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి మన గేజ్ మీద ఇంకొక పీఎస్ఐ దాకా కలుపుకోవాలి, 12 అనుకోండి. అదే బీరు 10 డిగ్రీలకు వేడెక్కితే? 18, 19 కావాలి. అంటే గేజ్ 12 మీదే ఉన్నా, వేడెక్కిన బీరుకి ఆ ఒత్తిడి సరిపోదు. గ్యాస్ బయటికి వస్తుంది, గొట్టంలోనే బుడగలు కడుతుంది, ట్యాప్ దగ్గరికి వచ్చేసరికి నురగ. ఇప్పుడు మన తమ్ముడు 12ని 8 చేశాడు. అసలే చాలని ఒత్తిడిని ఇంకా తగ్గించాడు. ఓ పది నిమిషాలు బీరు మెల్లగా వస్తుంది కాబట్టి బాగైనట్టు అనిపిస్తుంది. తర్వాత మొదటికంటే ఎక్కువ నురగ.

సరే, 19కి పెంచేస్తే? బీరులో గ్యాస్ నిలుస్తుంది, కానీ బీరు ట్యాప్‌లోంచి పైపు పగిలినట్టు దూకుతుంది, గ్లాసులో పడి మళ్లీ నురగే. ట్యాప్‌కి వెళ్లే గొట్టం పొడవు, సన్నదనం అన్నీ ఆ 12కి లెక్కేసి పెట్టినవి. అందుకే ఎవరైనా "గొట్టం వేలాడుతోంది, కోసేద్దాం" అంటే కోయనివ్వకండి.

కాబట్టి మొదటి పని థర్మామీటర్. వంటింట్లో వాడే ప్రోబ్ థర్మామీటర్ చాలు. మొదటి మగ్గు వదిలేయండి, అది టవర్‌లో నిలిచిన బీరు. రెండో మగ్గులో పెట్టి చూడండి. ఆ రోజు అక్కడ చూపించింది 11 డిగ్రీలు. మొదటి మగ్గు మాత్రమే నురగ, తర్వాత బాగుంటే టవర్ వేడెక్కిందని అర్థం. అన్ని మగ్గులూ నురగే అయితే కెగ్ దగ్గరికి వెళ్లాలి.

వెళ్లాం. కెగ్ రూమ్‌లో రెండు కారణాలు దొరికాయి. ఒకటి, ఆ కెగ్ అదే రోజు మధ్యాహ్నం టాటా ఏస్‌లో వచ్చింది. ఎండలో సిటీ అంతా తిరిగి వచ్చిన బీరు 30 డిగ్రీల పైనే ఉంటుంది. కూలర్‌లో పెట్టినా 3 డిగ్రీలకు దిగాలంటే ఒక రోజు పూర్తిగా పడుతుంది. వీళ్లు నాలుగు గంటలకే తగిలించారు. రెండోది నాకు ఇంకా ఆశ్చర్యంగా అనిపించింది. కరెంటు పోతే జనరేటర్ మీద లైట్లు, ఏసీలు, మ్యూజిక్ సిస్టమ్ అన్నీ నడుస్తాయి. కెగ్ రూమ్ కూలర్ మాత్రం ఆ లైన్‌లో లేదు!

అర్జెంట్‌గా వాడాల్సి వస్తే కెగ్‌ని పెద్ద టబ్‌లో పెట్టి ఐస్, నీళ్లు కలిపి పోయండి. ఉత్త ఐస్ వేస్తే అంచుల్లో గాలి ఉండిపోతుంది, చల్లదనం ఎక్కదు. అయినా ఇది దెబ్బకి పట్టీ లాంటిదే. అసలు మందు స్టాక్ ముందు రోజే తెప్పించుకోవడం. కెగ్‌ని దొర్లించకండి, పైనుంచి పడేయకండి. కుదిపిన కెగ్‌ని కాసేపైనా కదలకుండా వదిలేయాలి. నిండు 30 లీటర్ల కెగ్ సుమారు 40 కిలోలు, 50 లీటర్లది 60 దాటుతుంది, ఇద్దరు మోయాల్సిన బరువు. ముందు వచ్చింది ముందు వాడండి. గ్యాస్ సిలిండర్‌ని నిలబెట్టి గోడకి చైన్ వేయండి. మూసిన చిన్న గదిలో కార్బన్ డయాక్సైడ్ లీకైతే మనిషి స్పృహ తప్పుతాడు, ప్రాణం కూడా పోవచ్చు. తలుపు తీసి గాలి ఆడనిచ్చాకే లోపలికి వెళ్లండి.

ఇప్పుడు నాచారం. ఇండస్ట్రియల్ ఏరియా వైపు ఒక బార్, అక్కడ కథ వేరు. బీరు 3 డిగ్రీలు, గేజ్ కరెక్ట్, అయినా ట్యాప్ తుంపర్లు కొడుతోంది. రుచి చూస్తే లైట్‌గా పుల్లగా, వెనకాల వెన్న వాసన. ట్యాప్ విప్పి వేలు పెడితే గోధుమరంగు జిగురు. లైన్ ఎప్పుడు కడిగారంటే మేనేజర్ గారు ఆలోచనలో పడ్డారు.

గొట్టం లోపల ఈస్ట్, బ్యాక్టీరియా పొరలా పేరుకుంటాయి. దాంతోపాటు బీర్ స్టోన్ అని సున్నంలాంటి గట్టి పదార్థం కడుతుంది. నున్నగా ఉండాల్సిన గొట్టం గరుకుగా మారుతుంది, ఆ గరుకు మీద బుడగలు పుడతాయి. అంటే మురికి లైన్ రుచినే కాదు, స్టాక్‌ని కూడా తింటుంది.

కడగమంటే ఆయన చెప్పింది, "కడిగిన ప్రతిసారీ లైన్‌లో బీరు వేస్ట్ అయితది గదా సార్" అని. లెక్కేద్దాం రండి అన్నాను. కింద కెగ్ రూమ్ నుంచి మొదటి అంతస్తు బార్ దాకా 12 మీటర్ల గొట్టం, లోపలి వెడల్పు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. అందులో పట్టేది సుమారు 850 మి.లీ. మూడు మగ్గులు కూడా కాదు. అది కూడా రెండు వారాలకి ఒకసారి.

అవును, 14 రోజులకి ఒకసారి కడగాలి. ముందు కెగ్ నుంచి కప్లర్ తీసి, మామూలు నీళ్లతో బీరంతా తోసేయండి. తర్వాత బీర్ లైన్ కోసమే అమ్మే కాస్టిక్ క్లీనర్‌ని 2 శాతం కలపండి. ఎప్పుడూ నీళ్లలో క్లీనర్ పోయాలి, క్లీనర్‌లో నీళ్లు కాదు. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. నీళ్లు గోరువెచ్చగా, 40 డిగ్రీలు దాటకుండా ఉంటే చాలు. మరిగే నీళ్లు పోస్తే గొట్టం పాడవుతుంది. చిన్న పంపుతో 15 నిమిషాలు తిప్పండి. పంపు లేకపోతే నింపి 20 నిమిషాలు నానబెట్టండి, కానీ తిప్పినంత బాగా పోదు. చాలామంది క్లీనర్‌ని కార్బన్ డయాక్సైడ్‌తోనే తోస్తారు. ఆ గ్యాస్ కాస్టిక్‌తో కలిసి దాని బలాన్ని చంపేస్తుంది, కడిగీ కడగనట్టే. ట్యాప్, కప్లర్ పూర్తిగా విప్పి బ్రష్‌తో తోమాలి. మూడు నెలలకోసారి బీర్ స్టోన్ కోసం యాసిడ్ క్లీనర్ విడిగా నడపాలి. ఆ రెండూ ఎప్పుడూ కలవకూడదు, మధ్యలో నీళ్లతో బాగా కడగాలి.

ఇక చివరి కడుగు దగ్గర బద్ధకం అసలు పనికిరాదు. పీహెచ్ పేపర్ పెట్టి చూడండి: ట్యాప్ నుంచి వచ్చే నీళ్లు, కుళాయి నీళ్లు ఒకే రంగు చూపించేదాకా నీళ్లు వదలండి. పని అయ్యేదాకా ట్యాప్ మీద "వాడొద్దు" అని బోర్డు తగిలించండి. నీళ్లలా కనిపించేది కస్టమర్ గొంతులోకి పోతే జరిగేది మామూలు గొడవ కాదు.

మళ్లీ ఉప్పల్ బార్‌కి వద్దాం. అక్కడ ఒకసారి ఒక్కటే మార్చాం. డీబగ్గింగ్‌లో అలవాటు అది, నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. కూలర్‌ని జనరేటర్ లైన్‌కి కలిపి, కెగ్‌లు ముందు రోజు తెప్పించి, గేజ్ మళ్లీ 12కి పెట్టాక 78 కాస్తా 89 అయింది. లైన్ కడిగాక 91. మిగిలింది చెయ్యి.

తమ్ముడు నురగ వస్తుందని భయపడి ట్యాప్‌ని సగమే తెరుస్తున్నాడు. సగం తెరిచిన ట్యాప్‌లో బీరు సన్న సందులోంచి చీల్చుకుని వస్తుంది, నురగ అక్కడే పుడుతుంది. ట్యాప్‌ని ఒక్క ఊపులో పూర్తిగా తెరవాలి. మగ్గు 45 డిగ్రీలు వంచి, గోడ మీదుగా జారనివ్వాలి. సగం దాటాక నిలబెట్టి మధ్యలో పోస్తే పైన నురగ కడుతుంది. ట్యాప్ మూతి బీరుకి గానీ మగ్గుకి గానీ తగలకూడదు. సెట్టింగ్ సరిగ్గా ఉంటే 330 మి.లీ. మగ్గు ఐదారు సెకన్లలో నిండుతుంది. పది సెకన్లు పడుతోందంటే గ్యాస్ తక్కువో, గొట్టం ఎక్కడో నలిగిందో చూసుకోండి.

మగ్గు కూడా చూడాలి. ఈ వైపు బోరు నీళ్లు గట్టి నీళ్లు, ఆరిన మగ్గు మీద తెల్లటి పొర ఉంటుంది. దానికి తోడు చికెన్ ప్లేట్లు కడిగిన స్పాంజితోనే మగ్గులూ తోముతారు. మగ్గుని నీళ్లలో ముంచి తీయండి. నీళ్లు పరుపులా ఒకే పొరగా జారితే శుభ్రం. చుక్కలు చుక్కలుగా నిలిస్తే జిడ్డు ఉంది. బీరు పోశాక గోడకి బుడగలు అతుక్కుని కనిపించినా అంతే. గుడ్డతో తుడవకండి, బోర్లించి గాలికి ఆరనివ్వండి, పోసే ముందు చల్లటి మంచినీళ్లతో ఒకసారి తడపండి.

ఇవన్నీ అయ్యాక వాళ్ల లెక్క 94 దగ్గర నిలిచింది. ఓనర్ ఆ మిగతా ఆరు కూడా కావాలన్నాడు. అవి రావండీ. కెగ్ అయిపోయేటప్పుడు చివర వచ్చే నురగ, కొత్తది తగిలించగానే గొట్టం నిండేదాకా పోయేది, పొద్దున తెరవగానే టవర్‌లో నిలిచిన మొదటి మగ్గు, వీటికే ఆ ఆరూ సరిపోతాయి. కెగ్ మార్చిన ప్రతిసారీ గోడ మీద తేదీ, మగ్గుల లెక్క రాయమని చెప్పాను. 90 కిందికి దిగిన రోజు మళ్లీ రెండో మగ్గులో థర్మామీటర్ పెట్టి చూస్తారు.