వైరు చుట్ట మీద ఏం చదవాలి?

పాత ఇంటికి వైరింగ్ మార్పిస్తున్నారా? చుట్ట మీద ఐఎస్‌ఐ ముద్ర కనబడగానే డబ్బు చేతిలో పెట్టకండి. ముద్రను ఎవరైనా అచ్చువేసుకోగలరు. దాని పైన ఐఎస్ 694 అనే ప్రమాణం, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో, లైసెన్సు చెల్లుతోందో లేదో తెలుస్తుంది. వివరాలు చుట్టతో కలవకపోతే కొనకండి. స్విచ్‌లకు 3854, ఎంసీబీలకు 60898 చూడండి.

అప్పటికీ అనుమానమైతే తీగ కొసను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగిపూత వేసిన అల్యూమినియం.

అసలు సరుకే కొన్నా జత తప్పితే ముప్పే. గీజరుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగితే 16 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతుంది. మాటిమాటికీ పడిపోతోందని 32 పెట్టించారో, వైరు తొడుగు కరుగుతున్నా అది పడదు.