ఒక వ్యాకరణ పాఠం, మూడు పట్టికలు



తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. లెక్కలు, సైన్సు కూడా ఇంగ్లీషులోనే చదవాల్సిన పిల్లవాడికి ఒక మామూలు ప్రశ్న అడగడం రాకపోతే, తెలియనిది తెలియనట్టే మిగిలిపోతుంది. అందుకే వ్యాకరణ పాఠాన్ని ఉపన్యాసంగా చెప్పడం మాని పట్టికలుగా ఎలా మారుస్తున్నామో ఒకే ఒక్క పాఠం తీసుకుని మీ ముందు పెడతాము. ఆ పాఠం 'డిడ్'.

ఉపన్యాసంలో సూత్రం ఒక్క వాక్యమే: "డిడ్ వచ్చినప్పుడు ప్రధాన క్రియ మొదటి రూపంలో ఉండాలి." పిల్లలు దీన్ని తప్పు లేకుండా రాస్తారు. గంట కొట్టాక "హి డిడ్ నాట్ వెంట్" అంటారు. సూత్రం రానందువల్ల కాదు. మాట్లాడేటప్పుడు సూత్రం గుర్తు చేసుకునేంత వ్యవధి ఉండదు. నోటికి అలవాటైన మాటల వరుసే ముందు వస్తుంది.

ఈ పట్టికల పద్ధతి కొత్తది కాదు. హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషు పండితుడు 1916లోనే ఇలాంటి వంద పట్టికలతో ఒక పుస్తకం వేశాడు. మేము కొత్తగా చూసుకోవలసింది ఒక్కటే: మన పిల్లల ఇంటి భాష ఎక్కడ సాయపడుతుంది, ఎక్కడ అడ్డుపడుతుంది?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మాట చూడండి. నేను పోయిన, నువ్వు పోయినవ్, ఆయన పోయిండు, ఆమె పోయింది. మనిషి మారితే క్రియ మారుతుంది. కానీ కాదనాలంటే? నేను పోలేదు, నువ్వు పోలేదు, ఆయన పోలేదు, ఆమె పోలేదు. అందరికీ ఒక్కటే మాట. అందులో 'పో' ఏ మార్పూ లేకుండా నిలబడింది. జరిగిపోయిన కాలం సంగతంతా 'లేదు' మోస్తున్నది. ఇంగ్లీషులో 'డిడ్ నాట్ గో' కట్టుబడి అచ్చంగా ఇదే. 'డిడ్ నాట్' మన 'లేదు', 'గో' మన 'పో'. 'డిడ్ నాట్ వెంట్' అంటే "పోయిండులేదు" అన్నట్టు. ఈ మాట వినగానే తరగతి నవ్వుతుంది, తప్పు ఎక్కడుందో తనంతట తనకే తెలుస్తుంది.

అందుకని ఉపన్యాసాల్లో ముందు వచ్చే ప్రశ్నను వెనక్కి పెట్టి, 'లేదు' వాక్యంతో మొదలుపెడతాము.

మొదటి పట్టిక

| ఎవరు | లేదు | ఏ పని | ఎప్పుడు |
|---|---|---|---|
| ఐ | డిడ్ నాట్ | గో టు స్కూల్ | యెస్టర్డే |
| యూ | | ఈట్ రైస్ | లాస్ట్ ఫ్రైడే |
| హి | | సీ ద టీచర్ | ఆన్ మండే |
| షి | | బ్రింగ్ ద బుక్ | |
| వి | | | |
| దే | | | |

ఒక్కో గడి నుంచి ఒక్కో మాట తీసుకుంటే 72 వాక్యాలు వస్తాయి. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది, క్రియలన్నీ రూపం పూర్తిగా మారేవే కావాలి: వెంట్, ఏట్, సా, బ్రాట్. 'వాక్', 'వాక్డ్' లాంటివి పెడితే చివరి చప్పుడు వినబడక, పిల్లవాడు తప్పన్నాడో ఒప్పన్నాడో మాకే తెలియదు. రెండవది, ఏ గడిని ఏ గడితో కలిపినా అర్థమున్న వాక్యమే రావాలి. 'ఈట్', 'రైస్' రెండూ వేర్వేరు గడుల్లో పెడితే "గో రైస్" వస్తుంది. అందుకే పనిని ఒకే ముక్కగా ఉంచాము.

రెండవ పట్టిక ప్రశ్నది. ఇక్కడ తెలుగు అడ్డుపడుతుంది. 'పోయిండు' చివర ఒక దీర్ఘం చేరిస్తే 'పోయిండా?' అయిపోతుంది, క్రియ లోపల ఏమీ కదలదు. ఆ అలవాటుతోనే "డిడ్ హి వెంట్?" అంటారు. ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఒక ఆసరా ఉంది. పుస్తకాల ఉర్దూలో 'క్యా వో గయా?' అని ప్రశ్న మాట ముందే వస్తుంది, 'డిడ్' లాగా. ఇంట్లో మాత్రం 'వో గయా క్యా?' అని చివరికి జరుగుతుంది. పైగా ఉర్దూలో కాదన్నా, ప్రశ్నించినా 'గయా' మారదు. కాబట్టి 'వెంట్'ను వదలడం ఈ పిల్లలకు తెలుగు పిల్లలకంటే కష్టం. 'పోలేదు' పోలిక వీధి తెలుగు వచ్చిన వారికి కూడా పనికొస్తుంది.

| ముందు | ఎవరు | ఏ పని | ఎప్పుడు |
|---|---|---|---|
| డిడ్ | యూ | గో టు స్కూల్ | యెస్టర్డే? |
| | హి | ఈట్ రైస్ | లాస్ట్ ఫ్రైడే? |
| | షి | సీ ద టీచర్ | ఆన్ మండే? |
| | దే | బ్రింగ్ ద బుక్ | |

'ఏ పని' గడి మొదటి పట్టికలోదే, ఒక్క అక్షరం మారలేదు. 'డిడ్' మాత్రం ముందుకు జరిగింది. రెండు పట్టికలూ పక్కపక్కన పెడితే పిల్లలే ఆ సంగతి చెబుతారు.

ఇక్కడితో ఆపితే మరో చిక్కు వస్తుంది. 'డిడ్' బాగా అలవాటైన పిల్లలు, అవునన్న చోట కూడా "ఐ గో టు స్కూల్ యెస్టర్డే" అనడం మొదలుపెడతారు. అందుకే మూడవ పట్టిక చిన్నదైనా తప్పనిసరి: 'యెస్, హి వెంట్ టు స్కూల్', 'యెస్, షి ఏట్ రైస్', 'యెస్, దే సా ద టీచర్', 'యెస్, ఐ బ్రాట్ ద బుక్'. 'డిడ్' లేని చోటే 'వెంట్' వస్తుంది. ఇద్దరిద్దరు పిల్లలు ఒకరు రెండవ పట్టిక నుంచి అడగాలి, ఇంకొకరు మొదటి దాని నుంచో మూడవ దాని నుంచో బదులు చెప్పాలి.

తప్పుల పట్టిక ఉపాధ్యాయుల కాగితం మీదే ఉంటుంది. అచ్చులో చూసిన తప్పును కూడా పిల్లలు గుర్తుపెట్టుకుంటారు కనుక వారి కాగితం మీద వేయము.

| పిల్లలు అనేది | ఎక్కడి నుంచి వచ్చింది | సరైనది |
|---|---|---|
| హి డిడ్ నాట్ వెంట్ | ఉర్దూ 'నహీ గయా'. "గతమంటే రెండవ రూపం" అని బట్టీ పట్టడం | హి డిడ్ నాట్ గో |
| డిడ్ హి వెంట్? | తెలుగు 'పోయిండా?' | డిడ్ హి గో? |
| వై హి డిడ్ నాట్ కమ్? | తెలుగు 'వాడు ఎందుకు రాలేదు?' వరుస | వై డిడ్ హి నాట్ కమ్? |

పట్టిక చూసి చదివితే పాఠం వచ్చినట్టు కాదు. కాగితం మూయించి, పట్టికలో లేని క్రియ ఒకటి ఇస్తాము, 'టేక్' అనుకుందాం. "నిన్న నువ్వు నిజంగా తీసుకుపోనిది ఒకటి చెప్పు" అంటాము. "ఐ డిడ్ నాట్ టేక్ మై బ్యాగ్" అంటే వచ్చినట్టు. "డిడ్ నాట్ టుక్" అంటే మళ్ళీ మొదటి పట్టికకే. వారం తర్వాత ఇంకో కొత్త క్రియతో అడుగుతాము. అప్పుడు కూడా నిలిస్తేనే తరువాతి పాఠం.

ఈ పట్టికలకు ఒక హద్దు ఉంది. "హూ బ్రోక్ ద గ్లాస్?" అన్నప్పుడు చేసినవాడెవరన్నదే ప్రశ్న, అక్కడ 'డిడ్' రాదు. అది వేరే కాగితం, వేరే రోజు. ఒకే రోజు రెండూ చెబితే మొదటిది కూడా చెదిరిపోతుంది.

పిల్లలకు ఇచ్చే మూడు పట్టికలూ ఒక కాగితానికి ఒకవైపే సరిపోతాయి. మీ సాయంతో అచ్చయ్యే కాగితం మీద ఏముంటుందో, దాన్ని ఎలా వాడతామో మీకు చెప్పడం మా బాధ్యత అనుకున్నాము. ఏ సాయంత్రమైనా తరగతికి వచ్చి, మీకు తోచిన క్రియ ఒకటి ఇచ్చి పిల్లలను అడిగి చూడండి.